అరవై దిగితే అపాయం

తెల్లవారుజామున ఆరు కావస్తోంది. సిద్దిపేట వైపు ఒక ఊళ్లో, ఫంక్షన్ హాలు వెనకాల రేకుల షెడ్డు కింద గుండిగలు వరసగా మూతలేసి ఉన్నాయి. మా మేనత్త మనవరాలి పెళ్లి. వైశాఖ మాసం ఎండలు. మధ్యాహ్నం దావత్‌కు ఎనిమిది వందల మంది వస్తారని అంచనా. వంట మాస్టరుకు పొద్దున చేయాల్సినవి చాలా ఉన్నాయని మటన్ కూర మాత్రం రాత్రి పదకొండింటికే దించేసి మూత వేశాడు. అరవై లీటర్ల గుండిగ అంచుదాకా నిండి ఉంది. మొదటి బంతి లేచేది మధ్యాహ్నం పన్నెండున్నరకు.

నా సంచిలో ఎప్పుడూ ఒక సూది థర్మామీటరు ఉంటుంది. దాన్ని తీసి గుండిగ మూత మీద చేయి వేయగానే మాస్టరు పరుగున వచ్చాడు.

"మూత తియ్యకుండ్రి సార్, వేడి పోతది. లోపల పొగలు కక్కుతాంది కూర."

మూత ఓరగా జరిపితే సన్నగా ఆవిరి లేచిన మాట నిజమే. మసాలా వాసన కమ్మగా ఉంది. సూదిని కూర నడిమధ్యకు దించాను. అంకెలు పైకి పాకి 54 దగ్గర ఆగాయి. అంచు పక్కన దించితే 47. మాస్టరు కంటికి అది పొగలు కక్కే కూర. అయినా అది అప్పటికే పాడయ్యే దారిలో అడుగు పెట్టింది. దాన్ని చూసి, వాసన పట్టి, రుచి చూసి కనిపెట్టగలిగేవాళ్లు ఆ షెడ్డులో ఎవరూ లేరు. ఎక్కడా ఉండరు.

పెళ్లి భోజనాలు, గుడి అన్నదానాలు తిని జనం ఆస్పత్రి పాలయ్యారన్న వార్త వచ్చినప్పుడల్లా మనం కల్తీ నూనె అనో, బల్లి పడిందనో, పాత్రలకు కళాయి లేదనో అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం వండిన తర్వాత గడిచిన గంటల్లో ఉంటుంది. ఉడికిన వంట ఎంత వేడిలో, ఎంతసేపు ఉందన్నది ఎవరూ రాసిపెట్టుకోరు కాబట్టి ఆ కారణం బయటపడదు.

5కీ 60కీ నడుమ

మనల్ని జబ్బుపరిచే సూక్ష్మక్రిములు చాలావరకు 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన దాదాపు పెరగవు, 60 డిగ్రీలకు పైన పెరగలేవు. ఆ రెండింటి నడుమ ఉన్నదాన్నే ప్రమాద మండలం అంటారు. మన దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ చెప్పే సూత్రం కూడా ఇదే: వేడిగా వడ్డించేది 60కి పైన, చల్లగా వడ్డించేది 5కి లోపల ఉండాలి.

ఈ అంకెలను మన చేతితో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. అన్నంలో పప్పు కలుపుకొని, వేళ్లు కాలకుండా హాయిగా ముద్ద చేసుకోగలిగామంటే ఆ అన్నం 60కి బాగా కిందనే ఉంది. విస్తట్లో ఉన్నప్పుడు దానివల్ల చిక్కు లేదు, పావుగంటలో తినేస్తాం. అదే వేడిలో గుండిగ గంటల తరబడి ఉంటేనే చిక్కు. మన చేతికి 'వేడిగానే ఉంది' అనిపించే వేడే క్రిములకు ఎక్కువ ఇష్టం. 'వేడిగా ఉందిలే' అన్న మాట మీద ఎవరూ ఆధారపడకూడదనేది అందుకే.

మటన్ కూర విషయంలో ముఖ్యంగా భయపడాల్సిన క్రిమి పేరు క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్. ఇది మట్టిలోనూ, జంతువుల పేగుల్లోనూ ఉంటుంది కాబట్టి పచ్చి మాంసం మీదకు రావడం మామూలే. దీనికి ఇంకో గుణం ఉంది. బతకలేని పరిస్థితి వస్తే గట్టి కవచం ఉన్న సిద్ధబీజంగా మారి నిద్రపోతుంది. గంటసేపు తెర్లినా వాటిలో కొన్ని చావవు. పైగా మరిగేటప్పుడు కూరలోని ప్రాణవాయువు చాలావరకు బయటికి పోతుంది. ఈ క్రిమికి గాలి గిట్టదు కాబట్టి ఆ మార్పు కూడా దానికే కలిసొస్తుంది. వేడి 50కి దిగేసరికి బీజాలు మొలకెత్తుతాయి. 43 నుంచి 46 డిగ్రీల మధ్య అనువుగా ఉంటే దాదాపు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. లెక్క వేసి చూడండి: గంటలో 64 రెట్లు, మూడు గంటల్లో రెండున్నర లక్షల రెట్లు. అప్పటికీ కూర పులవదు, నురగ కట్టదు, వాసన మారదు.

దీన్ని శాస్త్రవేత్తలు గట్టిగా పట్టుకున్నది 1953లో. బ్రిటన్‌లో బెట్టీ హాబ్స్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త, ఆమె సహచరులు సామూహిక భోజనాల తర్వాత వచ్చే కడుపునొప్పి, విరేచనాలకు ఈ క్రిమి కారణమని చూపించారు. ఆ భోజనాలన్నిటికీ ఒక పోలిక ఉంది. మాంసం ముందురోజు వండారు, పెద్ద పరిమాణంలో నిదానంగా చల్లారనిచ్చారు, మరునాడు కాస్త వేడి చేసి పెట్టారు. మన షెడ్డులో ఉన్న కూర కూడా సరిగ్గా అదే దారిలో నడుస్తోంది.

గుండిగ ఎప్పుడు చుట్టం, ఎప్పుడు పగ

ఇంట్లో గిన్నెడు కూర దించితే గంటన్నరలో చల్లారుతుంది. అదే కూర అరవై లీటర్ల గుండిగలో ఎందుకు అంతసేపు పడుతుంది? వేడి బయటికి పోవాల్సింది పాత్ర గోడల నుంచీ, పై ముఖం నుంచీ. పాత్ర పెద్దదయ్యే కొద్దీ లోపల సరుకు పెరిగినంతగా గోడల వైశాల్యం పెరగదు. ఎక్కువ వేడి తక్కువ దారిలోంచి బయటికి పోవాల్సి రావడంతో గంటలు పడుతుంది. దానికి తోడు పైన తేలిన నూనె ఒక దుప్పటి, మూత ఇంకో దుప్పటి.

ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం. పదకొండింటికి కూర 95 దగ్గర ఉంది. రాత్రి గాలి 30 డిగ్రీలు. మొదట్లో తేడా ఎక్కువ కాబట్టి వేడి కొంచెం త్వరగా దిగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నేను లెక్క కట్టి చూస్తే తెల్లవారుజామున ఐదింటి లోపు అది 60 గీత దాటి ఉండాలి. ఆరింటికి 54 చూపించిందంటే ఆ లెక్క సరిపోయింది. అలాగే వదిలేస్తే? తెల్లవారాక ఎండ ముదిరి షెడ్డులో గాలి 40 దాటుతుంది. ఇక కూర చల్లారడానికి చోటే లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు అది 45 దగ్గర ఉంటుంది. అంటే ఎనిమిది గంటల పాటు ఆ క్రిమికి ప్రాణమైన వేడిలో ఉంటుంది. మన వేసవిలో ఇది ఇంకో రకంగా కూడా భయపెట్టే విషయం. చలిదేశాల్లో వదిలేసిన కూర ఎప్పటికైనా 20కో, 15కో దిగి క్రిముల పెరుగుదల నెమ్మదిస్తుంది. మన మే నెల మధ్యాహ్నం అది 43 దగ్గరే ఆగిపోతుంది.

ఇందులో తిరకాసు ఏమిటంటే, ఇదే గుండిగ 60 పైన ఉన్నంతసేపు మనకు చుట్టం. పదకొండింటి నుంచి ఐదింటి దాకా నిప్పు లేకుండానే కూరను భద్రంగా కాపాడింది కూడా అదే. 60 దిగిన క్షణం నుంచి అదే గుండిగ పగవాడు. వేడిని పోనివ్వదు, చల్లారనివ్వదు. అందుకే పెద్ద వంటలో నేర్చుకోవాల్సింది ఒకటే: 60 దిగకుండా నిలబెట్టు, లేదా 60 నుంచి త్వరగా చల్లార్చు. నడుమ ఊరకే వదిలేయడం అనే మూడో మార్గం లేదు.

ఆ పొద్దు మేం చేసింది

మాస్టరుకు ఇదంతా చెప్పలేదు. 54 చూపించి, "ఇది అరవై దిగింది అన్నా, ఎన్నింటికి దిగిందో లెక్క వేశాను, గంట దాటి గంటన్నర లోపే. ఇప్పుడే కాచితే బాగుపడుతుంది, ఎనిమిదింటికైతే పారబోయాల్సిందే" అన్నాను. ఆయన అంకె వంక చూసి, పిల్లగాడిని కేకేసి పెద్ద బర్నరు వెలిగించాడు.

ఎందుకు 'బాగుపడుతుంది' అన్నానంటే: ఈ విషయంలో ఒక లెక్క ఉంది. వండిన ఆహారం 60 దిగిన తర్వాత ప్రమాద మండలంలో మొత్తం రెండు గంటల లోపే ఉంటే మళ్లీ కాచి వాడుకోవచ్చు. రెండు నుంచి నాలుగు గంటలు ఉంటే వెంటనే తినేయాలి, దాచకూడదు. నాలుగు గంటలు దాటితే పారేయాలి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది ఇంకా కఠినం: రెండు గంటల కంటే బయట ఉంచవద్దు, గాలి 32 డిగ్రీలు దాటిన రోజున ఒక గంటే. మన వేసవి పగళ్లకు ఈ ఒక గంట సూత్రమే తగినది. ఆ పొద్దు గాలి ఇంకా చల్లగానే ఉంది కాబట్టి రెండు గంటల లెక్కనే పట్టుకున్నాం.

కాచడం అంటే 'వెచ్చచేయడం' కాదు. 65 వరకు తెచ్చి వదిలేస్తే క్రిములు పెరగడం ఆగుతుందే కానీ పెరిగినవన్నీ చస్తాయన్న భరోసా లేదు. నడిమధ్య 75 దాటాలి, వీలైతే పూర్తిగా తెర్లాలి. అరవై లీటర్ల కూరను 54 నుంచి మరుగుకు తేవడానికి పెద్ద బర్నరు మీద నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఒక మనిషి తెడ్డు పట్టుకొని అడుగు నుంచి పైకి తిరగేస్తూనే ఉన్నాడు. తిప్పకపోతే అడుగు మాడుతుంది, నడుమ మాత్రం 60 దగ్గరే ఉంటుంది. మూడు చోట్ల సూది దించి, మూడూ 90 దాటాకనే మంట తగ్గించాం. ఆ తర్వాత కట్టెల పొయ్యి మీదకు మార్చి, కింద నిప్పులు పరిచి, మూత మీద కూడా నాలుగు నిప్పులు పోశాం. పెద్దలు దమ్ వేసినప్పుడు చేసే పనే అది. పన్నెండున్నరకు 78, మూడింటికి చివరి బంతికి 71.

మరి తెర్లిస్తే అంతా సర్దుకుంటుందా? సర్దుకోదు. పెర్‌ఫ్రింజెన్స్ విషయంలో మనకు జబ్బు చేసేది మనం మింగిన బతికున్న క్రిములు పేగుల్లోకి వెళ్లాక వదిలే విషం. కాబట్టి కాచి చంపితే ఫలితం ఉంటుంది. కానీ అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్, మనుషుల చేతుల నుంచీ ముక్కు నుంచీ వచ్చే స్టెఫైలోకాకస్ వేరే రకం. అవి విషాన్ని తిండిలోనే తయారు చేసి పెడతాయి. క్రిమి చచ్చినా విషం పోదు, ఎంత మరిగించినా పోదు. అందుకే ఆలస్యమైన వంటకు కాచడం విరుగుడు కాదు. ఆలస్యం కాకుండా చూసుకోవడమే విరుగుడు.

బంతి వేళ నుంచి వెనక్కి లెక్క

పెళ్లింటి వాళ్లు మాస్టరుతో మాట్లాడేటప్పుడు ఎంతమంది, ఏయే వంటకాలు, ఎంత డబ్బు అని అడుగుతారు. దానికి తోడు ఒక్క కాగితం రాయించండి. ప్రతి వంటకం ఏ వేళకు పొయ్యి మీద నుంచి దిగుతుంది, ఏ వేళకు వడ్డనకు వెళ్తుంది, ఆ నడుమ దాన్ని ఎవరు ఎక్కడ వేడిగా ఉంచుతారు. ఆ మూడు గడులు ఖాళీగా ఉన్న వంటకమే చిక్కు తెస్తుంది.

పన్నెండున్నర మొదటి బంతి అనుకుందాం. మటన్ ఉడకడానికి రెండు గంటలు పడితే తొమ్మిదింటికి పొయ్యి ఎక్కితే పదకొండింటికి దిగుతుంది. కోడికూరకు అంత సమయం పట్టదు, పదిన్నరకు ఎక్కించినా చాలు. బగారా అన్నాన్ని ఒక్క దఫా అంతా వండకుండా రెండుసార్లు, మొదటిది పన్నెండుంపావుకు, రెండోది పొద్దు వాలాక వచ్చే బంతులకు ఒంటిగంటన్నరకు దించుకోవచ్చు. పప్పు, చారు నీళ్లెక్కువ కాబట్టి సన్నని సెగ మీద ఎంతసేపైనా నిలుస్తాయి, అవి ముందే దిగినా ఇబ్బంది లేదు. ఇలా వండితే పొయ్యిలు, మనుషులు ఎక్కువ కావాలి కదా అంటారు. నిజమే, ఒకటో రెండో పొయ్యిలు, ఇద్దరు మనుషులు ఎక్కువవుతారు. రాత్రే వండి వదిలేయడం వల్ల మిగిలేది ఆ ఖర్చే.

బారాత్ ఆలస్యమైతే? అది ఎప్పుడూ అవుతుంది. అందుకే దిగిన వంటకు నిప్పుల సాయం ఉండాలి. గ్యాసు పొయ్యి మీద సన్నని మంట, లేదా గాడిపొయ్యిలో నిప్పులు లాగి ఆ వెచ్చదనం మీద గుండిగ నిలపడం, ఏదైనా సరే. బఫేలో పెట్టే వేడినీళ్ల ట్రేలు వేడిగా ఉన్నదాన్ని వేడిగా నిలుపుతాయి అంతే, చల్లారినదాన్ని వేడెక్కించలేవు. వాటిలో నీళ్లు ముందే మరిగించి పోయాలి, కింద దీపం ఆరిందో లేదో ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

ముందుదశ కూడా మర్చిపోకూడదు. తెల్లవారుజామున నాలుగింటికి కోసిన మాంసం బేసిన్లలో పోసి మసాలా పట్టించి, తొమ్మిదింటి దాకా షెడ్డులో పెడితే అది ఐదు గంటలు 30 డిగ్రీల్లో ఉన్నట్టే. పొయ్యి ఎక్కే వేళకు దగ్గరలో తెప్పించుకోండి, లేకపోతే మంచు నింపిన తొట్లో గిన్నెలు పెట్టి ఉంచండి. ఆ మంచు గిన్నె బయట ఉండాలి, లోపల వేయకూడదు. బజారులో దొరికే దిమ్మె మంచు తాగడానికి చేసింది కాదు.

బకెట్టులో ఏం జరుగుతుంది

కూరను గుండిగలో ఎంత భద్రంగా కాపాడినా వడ్డన దగ్గర తప్పు చేస్తే ఫలితం ఉండదు. పది లీటర్ల వడ్డన బకెట్టు గుండిగలా వేడిని పట్టి ఉంచదు. నోరు వెడల్పు, గోడలు పలచన. అరగంటలోనో, ముప్పావుగంటలోనో 60కి దిగిపోతుంది. అదేమీ తప్పు కాదు, బకెట్టు ఉండేది అప్పటికప్పుడు ఖాళీ కావడానికే. తప్పు జరిగేది రెండు చోట్ల.

మొదటిది, సగం ఖాళీ అయిన బకెట్టులో కొత్త కూర పోయడం. మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా అడుగున ఉన్న ఆ పాత కూర మూడు గంటలు అలాగే ఉండిపోతుంది, పైన మాత్రం కొత్తది మారుతూ ఉంటుంది. రెండోది, బంతి అయ్యాక బకెట్టులో మిగిలింది తీసుకెళ్లి మళ్లీ గుండిగలో కలపడం. నలుగురు వడ్డించిన గరిటె, నాలుగు చోట్ల పెట్టిన బకెట్టు, దాంట్లోది మొత్తం గుండిగకు చేరుతుంది. బకెట్టు మూడోవంతు నింపి పంపండి, ఖాళీ అయినది వెనక్కి వచ్చాక కడిగి మళ్లీ నింపండి. వడ్డనవాళ్లకు తిరుగుళ్లు పెరుగుతాయి, కానీ విస్తట్లో పడేది ఎప్పుడూ వేడిగా ఉంటుంది.

అన్నం రాశి, గుడి దద్ధోజనం

అన్నదానాల్లో వార్చిన అన్నాన్ని చాపల మీద గుడ్డ పరిచి రాశి పోస్తారు, పైన ఇంకో గుడ్డ కప్పుతారు. రాశి లోపల గంటల తరబడి 60కి పైనే ఉంటుంది, పై పొర మాత్రం అరగంటలోనే గోరువెచ్చనైపోతుంది. అందుకే తీసేటప్పుడు ఒక పక్క నుంచి అడుగు దాకా తీసుకుంటూ పోవాలి. పైపై నుంచి తీసి లోపలిదాన్ని బయటపెడుతూ ఉంటే ప్రతి గంటకూ కొత్త పొర ప్రమాదంలో పడుతుంది. రాశి ఒక్కసారే పెద్దది పోసే కంటే, తీసుకున్నంతే వండుతూ చిన్న రాశులు పోయడం మేలు.

బియ్యం మీద బాసిల్లస్ సీరియస్ బీజాలు ఎప్పుడూ ఉంటాయి, వండినా చావవు. 1970లలో బ్రిటన్‌లో చైనా హోటళ్లలో అన్నం తిని వాంతులు చేసుకున్న ఘటనలు వరసగా జరిగినప్పుడు ఈ సంగతి లోకానికి తెలిసింది. అక్కడ అన్నం పెద్ద మొత్తంలో వండి, రాత్రంతా బయట పెట్టి, మరునాడు వేయించి ఇచ్చేవారు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పులిహోర చేసే అలవాటు మనకూ ఉంది. ఇంట్లో రెండు గిద్దెల అన్నం వేరు, నలభై కిలోల రాశి వేరు. రాశి నడుమ రాత్రంతా వెచ్చగానే ఉంటుంది.

అప్పటికప్పుడు వండి చేసిన పులిహోరలో చింతపండు పులుపు కొంత కాపాడుతుంది, ఎందుకంటే గట్టి పులుపులో ఈ క్రిములు పెరగలేవు. కానీ ఆ కాపలా పులుపు అన్ని మెతుకులకూ సమంగా పట్టినప్పుడే. దద్ధోజనం విషయం అంతకంటే సున్నితం. తియ్యగా, కమ్మగా ఉండాలని వేడి అన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి మెత్తగా మెదుపుతాం. పులుపు తక్కువ, తేమ ఎక్కువ, వేడి గోరువెచ్చన. పైగా చేత్తో కలిపే అలవాటు, దాంతో చేతికి ఉన్నది అందులోకి చేరుతుంది. శ్రీరామనవమి రోజు పొద్దున ఆరింటికి కలిపి, కల్యాణం అయ్యాక ఒంటిగంటకు పంచితే ఏడు గంటలు ఎండలో ఉన్నట్టు.

దీనికి గుళ్లలో చేయగలిగిన పద్ధతి ఇది. అన్నాన్ని వెడల్పు పళ్లాల్లో రెండు అంగుళాల మందానికి మించకుండా పరచి, ఫ్యాను కింద చల్లార్చాలి. పొర పలచనైతే వేడి త్వరగా పోతుంది, మందం సగమైతే చల్లారే సమయం దాదాపు నాలుగోవంతుకు తగ్గుతుంది. పాలు, పెరుగు మంచులో చల్లబరిచి ఉంచుకొని, చెక్క తెడ్డుతో కలపాలి. వేలికి గాయం ఉన్నవాళ్లు, జలుబు చేసినవాళ్లు ఆ పనికి దూరంగా ఉండాలి. కలిపిన గిన్నెలను మంచుతొట్లో పెట్టాలి. పంపకానికి గంట ముందే కలిపి, ఎక్కువ మందికైతే రెండు మూడు దఫాలుగా కలపాలి. నైవేద్యానికి చిన్న గిన్నెలో విడిగా చేయండి, భక్తులకు పంచేది ఆ తర్వాత కలపండి.

చద్దన్నం తిని పెరిగిన వాళ్లం కదా, ఇదంతా ఏమిటని నన్ను అడిగిన పెద్దలున్నారు. చద్దన్నం చిన్న కుండలో నీళ్లు పోసి పులియబెట్టినది. ఆ పులుపే చాలా క్రిములను అదుపులో పెడుతుంది. రాశి పోసి గుడ్డ కప్పిన అన్నంలో అలాంటి పులుపు లేదు. రెండూ ఒకటి కావు.

మిగిలినదాన్ని ఏం చేయాలి

చివరి బంతి లేచాక మటన్ కూర పది లీటర్లు మిగిలింది. సాయంత్రం ఇంటి వాళ్లకు వాడుకుందామన్నారు. ఫ్రిజ్జులో పెడితే సరిపోతుందని అందరూ అనుకుంటారు. ఇంటి ఫ్రిజ్జు చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచడానికి చేసింది, పది లీటర్ల వేడి కూరను చల్లార్చడానికి కాదు. ఆ గిన్నె నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, పక్కనున్న పాలు, పెరుగు కూడా వేడెక్కుతాయి.

కూర చల్లారడానికి ఒక గడువుంది: 60 నుంచి 21 వరకు రెండు గంటల్లో దిగాలి, అక్కడి నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో. రెండు గంటల్లో పది లీటర్లను 21కి దించాలంటే మంచు కావాలి. కూర ఎంత బరువో దాదాపు అంతే బరువు మంచు నీళ్లలో కలిపి తొట్లో పోసి, కూరను వెడల్పు గిన్నెల్లో రెండు అంగుళాల మందాన సర్ది, ఆ గిన్నెలను తొట్లో దించి తిప్పుతూ ఉండాలి. మేం అలాగే చేశాం. పదికిలోల దిమ్మె మంచు పగలగొట్టి పోశాం. తొంభై నిమిషాలకు సూది 19 చూపించింది. ఆ తర్వాతే ఫ్రిజ్జులోకి. రాత్రి తెర్లించి తిన్నాం.

మంచు లేకపోతే, మనుషులు లేకపోతే, వేడిగా ఉన్నప్పుడే పంచేయడమే మంచి మార్గం. చాలామంది మిగిలిన తిండిని సాయంత్రం దాకా ఉంచి, తర్వాత అనాథాశ్రమానికో, వలస కూలీలకో పంపుతారు. దానం మంచిదే, కానీ చివరి బంతి లేవగానే, గుండిగ 60 పైన ఉన్నప్పుడే పంపండి. నాలుగు గంటలు ఆగిన కూర దానం కాదు, అవతలివాళ్ల మీద మోపిన భారం.

కొన్న వస్తువు ఒకటే

దీనంతటికీ మీకు కావాల్సిన పరికరం ఒక్కటే, కొన్ని వందల రూపాయలకు దొరికే సూది థర్మామీటరు. కొన్నాక ఒకసారి సరిచూసుకోండి. మంచు ముక్కలు, కాసిన్ని నీళ్లు కలిపిన గ్లాసులో పెడితే 0 చూపించాలి, తెర్లే నీళ్లలో పెడితే 100కి దగ్గర. హైదరాబాదులో నీళ్లు 98 దగ్గరే తెర్లుతాయి, ఊరు ఎత్తులో ఉంది కాబట్టి. కూరలో దించేటప్పుడు సూది మొన నడిమధ్యకు వెళ్లాలి, అడుగుకో, ఎముకకో తగలకూడదు. ఒక చోట చూసి వదలకుండా మూడు చోట్ల చూడండి. ఒక కూర నుంచి ఇంకో కూరలోకి మార్చేటప్పుడు మొనను శుభ్రం చేయండి.

ఎవరికైనా జబ్బు చేస్తే వేళను గుర్తుపెట్టుకోండి, అది వైద్యుడికి పనికొస్తుంది. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలైతే విషం తిండిలోనే తయారైందని అనుమానించాలి, అన్నమో, చేత్తో కలిపినదో కారణం కావచ్చు. ఎనిమిది నుంచి పదహారు గంటల తర్వాత కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, విరేచనాలు వస్తే, జ్వరం, వాంతులు పెద్దగా లేకపోతే, నిదానంగా చల్లారిన మాంసం మీద అనుమానం పెట్టుకోవచ్చు. పిల్లలు, వృద్ధులు, గర్భిణులు, రక్తం పడినవాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఆ పెళ్లిలో ఎవరికీ ఏమీ కాలేదు. మాస్టరు మాత్రం సాయంత్రం సామాను సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "ఆ సూది ఎక్కడ దొరుకుతది సార్?" అని అడిగి, చేతిలోకి తీసుకొని, పక్కన కాగుతున్న చారులో ముంచి చూశాడు. 92. "అరవై అంటే ఈడి దాకా అనుకోలె," అన్నాడు. చేయి పెట్టి చూసి వేడి చెప్పగల మనిషి ఆయన, ముప్పై ఏళ్లుగా అదే పని. అయినా ఆ పొద్దు 54 ఉన్న గుండిగకు ఆయన చేయి 'వేడిగనే ఉంది' అని చెప్పింది. అంతటి చేయికే తెలియనిది, మనకెవరికీ తెలియదు.